మన జిల్లా టికెట్ ఏజెంట్లకు ఒక ప్రయాణికుడి బహిరంగ లేఖ: జిరాక్స్ తీసే ముందు ఆ కింది వరుస చదవండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో విమానం టికెట్లు, టూర్ ప్యాకేజీలు బుక్ చేసే ఏజెంట్లందరికీ నమస్కారం.

మీలో ఎవరి పేరూ రాయను. నాకు టికెట్లు చేసిన ఆయన పేరూ రాయను, ఎందుకంటే ఆయన మోసం చేయలేదు. పాస్‌పోర్టు చూశాడు, చూసి లెక్క కూడా పెట్టాడు, ఆ లెక్కే తప్పు. అదే తప్పు నేనూ చేశాను. నాకు మాత్రం రోజూ అదే పని కాదు, మీకు రోజూ అదే పని. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

జరిగింది ఇది. సంక్రాంతి సెలవులకు మలేషియా వెళ్దామనుకున్నాం. నేను, మా ఆవిడ, మా అమ్మ, తొమ్మిదేళ్ల మా గుంటడు. గత ఏడాది నవంబరు 22న మీలో ఒకరి షాపులో కూర్చుని నాలుగు పాస్‌పోర్టులు బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ తెరిచి జిరాక్స్ తీశాడు. గుంటడిది తెరిచినప్పుడు ఒక క్షణం ఆగాడు కూడా. "బాబుది వచ్చే జూలై నాలుగు వరకే ఉంది సార్... ఏడు నెలల పైనే ఉంది కదా, పర్లేదు" అన్నాడు. నేనూ వేళ్ల మీద లెక్కపెట్టాను. నవంబరు నుంచి జూలై, ఏడు నెలల చిల్లర. సరే అనుకున్నాను. పండక్కి విమానం ఎక్కుతామన్న సంబరంలో ఇంకో ప్రశ్న రాలేదు.

జనవరి 9 సాయంత్రం శ్రీకాకుళం నుంచి కారులో బయల్దేరాం. విశాఖ ఎయిర్‌పోర్టులో రాత్రి ఫ్లైటు, 10వ తేదీ తెల్లవారుజామున కౌలాలంపూర్‌లో దిగాలి. కౌంటర్ దగ్గర అమ్మాయి నా పాస్‌పోర్టు, మా ఆవిడది, అమ్మది స్కాన్ చేసింది. గుంటడిది పెట్టగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. మళ్లీ పెట్టింది. తర్వాత పక్క కౌంటర్ ఆయన్ని పిలిచింది. అక్కడికే నాకు కాళ్లలో బలం పోయింది.

విషయం ఏమిటంటే, మలేషియా వాళ్లు దేశంలోకి అడుగుపెట్టిన రోజు నుంచి ఆరు నెలలు పాస్‌పోర్టు గడువు ఉండాలంటారు. జనవరి 10న దిగితే జూలై 10 దాకా ఉండాలి. మా వాడిది జూలై 4తో అయిపోతోంది. ఆరు రోజులు తక్కువ. "ఏటిరా, ఆరు రోజులకే ఇంత గొడవా? మనం ఉండేదే ఆరు రోజులు కదా?" అని మా అమ్మ ఆ అమ్మాయినే అడిగింది. ఆమె మర్యాదగానే చెప్పింది, తన చేతిలో ఏమీ లేదని. నిజంగానే ఆమె చేతిలో లేదు. విమానాల వాళ్లు దాదాపు అందరూ ఏ దేశానికి ఏ కాగితం కావాలో టైమాటిక్ అనే ఒక వ్యవస్థలో చూస్తారు, అది అయాటా నడిపేది. అందులో సరిపోదని వస్తే ఎక్కించరు. ఎక్కిస్తే, అక్కడి ఇమిగ్రేషన్ వాళ్లు వెనక్కి పంపినప్పుడు ఆ మనిషిని తిరిగి తీసుకురావాల్సింది విమానం కంపెనీయే, చాలా దేశాల్లో పైన జరిమానా కూడా కట్టాలి. అంత రిస్కు ఆరు రోజుల కోసం ఎవరు తీసుకుంటారు చెప్పండి.

మిగతా ముగ్గురం వెళ్లొచ్చన్నారు. తొమ్మిదేళ్ల పిల్లాణ్ని వదిలేసి ఎవరు వెళ్తారు? నలుగురం సామాన్లు తోసుకుంటూ బయటికొచ్చాం. గుంటడు కారులో ఒకే మాట అడిగాడు, "నాన్నా, నాది చిన్న పాస్‌పోర్టా?" అని. వాడి ఉద్దేశం వేరే గానీ, సరిగ్గా అదే సంగతి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లు, పిల్లలది ఐదేళ్లే, లేదా పద్దెనిమిది నిండేదాకా, ఏది ముందైతే అది. పదిహేను దాటిన వాళ్లకైతే పదేళ్లది కావాలని అడిగే వీలుంది, అంతకంటే చిన్నవాళ్లకు ఐదే. మా ముగ్గురివీ 2019లో తీసినవి, 2029 దాకా ఢోకా లేదు. వాడిది 2021 జూలై 5న ఇచ్చింది, 2026 జూలై 4తో ఆఖరు. ఇంట్లో అందరికంటే తర్వాత తీసుకున్న పాస్‌పోర్టే అందరికంటే ముందు అయిపోతుందని నా బుర్రకు తట్టనే లేదు.

ఇక్కడ తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. మనిద్దరం లెక్కపెట్టింది టికెట్ తీసిన రోజు నుంచి. పెట్టాల్సింది దిగే రోజు నుంచి. సీజన్ టికెట్లు రెండు మూడు నెలల ముందే తీస్తారు కాబట్టి, ఈ రెండు లెక్కలకూ మధ్య ఆ రెండు మూడు నెలల తేడా ఎప్పుడూ ఉంటుంది. షాపులో ఏడు నెలల పైన కనబడ్డది కౌంటర్ దగ్గరికొచ్చేసరికి ఆరుకు తక్కువైంది. నాలాంటి వాళ్లు ఈ మధ్య ఎందుకు ఎక్కువ ఇరుక్కుంటున్నారో కూడా నాకు తర్వాత అర్థమైంది. వీసా కావాల్సిన దేశమైతే ఆ వీసా ఆఫీసు వాళ్లే ముందు పాస్‌పోర్టు చూసి, చాలదు పొమ్మంటారు. కోపం వస్తుంది గానీ ప్రయాణానికి నెల ముందే వస్తుంది. మలేషియాకు 2023 డిసెంబరు నుంచి మన వాళ్లకు వీసా అక్కర్లేదు. మంచిదే, కానీ దాంతోపాటు ఆ ముందు తనిఖీ కూడా పోయింది. ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డు ఒకటుంది గానీ అది దిగే ముందు మూడు రోజుల్లో నింపేది, అప్పటికి చేయగలిగిందేముంది? అంటే వీసా లేని దేశానికి పాస్‌పోర్టు గడువు ముందుగా చూసే మనిషి ఇప్పుడు మీరొక్కరే.

మీలో కొందరు చెప్పే ఇంకో మాట గురించి కూడా రాయాలి. "ఆరు నెలలు అనేది మన ఇండియా రూలు సార్" అంటారు. కాదు. అది వెళ్లే దేశం పెట్టుకునే రూలు, అందుకే దేశానికొక తీరుగా ఉంటుంది. మలేషియా, సింగపూర్ లాంటివి దిగిన రోజు నుంచి ఆరు నెలలు అడుగుతాయి. యూరప్‌లో షెంగెన్ దేశాలు అక్కడి నుంచి బయటికొచ్చే రోజు తర్వాత మూడు నెలలు చాలంటాయి. బ్రిటన్‌కైతే అక్కడున్నన్ని రోజులూ గడువుంటే సరిపోతుంది. నేపాల్‌కు మనవాళ్లకు పాస్‌పోర్టే అక్కర్లేదు, ఓటరు కార్డుతో వెళ్లొస్తారు. ఇవన్నీ నోటికి రావాలని నేననను, మారుతుంటాయి కూడా. కానీ ఏ దేశమని చూసుకోకుండా ఒకే లెక్క వాడదామంటే, తిరిగొచ్చే రోజు మీద ఆరు నెలలు ఉందా అని చూస్తే మామూలు టూర్లన్నీ దాదాపు గట్టెక్కుతాయి.

దాదాపు అని ఎందుకన్నానంటే, అమెరికా సంగతి వేరు. మన జిల్లా నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు తక్కువేం కాదు కాబట్టి ఇది కాస్త వివరంగా రాస్తాను.

మా పెదనాన్నది టెక్కలి దగ్గర. పోయిన ఏడాది అక్క పురుడుకని ఆయనా పెద్దమ్మా డాలస్ వెళ్లారు. పెదనాన్న పాస్‌పోర్టు 2025 సెప్టెంబరు 20తో అయిపోతుంది, పెద్దమ్మది ఇంకా నాలుగేళ్లుంది. ఇద్దరి వీసాలూ 2031 దాకా ఉన్నాయి. ఏప్రిల్ 8న దిగారు. ఆరు నెలల లెక్క ప్రకారం పెదనాన్నని ఆపెయ్యాలి కదా? ఆపలేదు. అమెరికా వాళ్ల దగ్గర ఒక జాబితా ఉంది, ఆరు నెలల క్లబ్ అంటారు, అందులోని దేశాల పాస్‌పోర్టులకు ఈ ఆరు నెలల పట్టింపు లేదు, మన దేశం అందులో ఉంది. అది తెలిసిన ఏజెంటే, ధైర్యంగా పంపించాడు. తిరుగు టికెట్టు ఇద్దరికీ సెప్టెంబరు 30కి వేశాడు, ఆరు నెలల లోపే కదా అని.

ఆయనకు తెలియనిది దాని రెండో సగం. అమెరికాలో ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది వీసా మీద తేదీ కాదు. వీసా అక్కడి గుమ్మం దాకా వెళ్లడానికి. ఎన్నాళ్లుండాలో దిగినప్పుడు ఆఫీసరు నిర్ణయిస్తాడు, ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. మామూలుగా విజిటర్లకు ఆరు నెలలిస్తారు. కానీ పాస్‌పోర్టు అంతకంటే ముందే అయిపోతుంటే, ఆ తేదీతోనే ఐ-94 కోసేస్తారు. పెద్దమ్మకు అక్టోబరు 7 దాకా వచ్చింది. పెదనాన్నకు సెప్టెంబరు 20. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చుని, ఒకే కౌంటరు దగ్గర నిలబడ్డ మొగుడూపెళ్లాలకు పదిహేడు రోజుల తేడా. కాగితమేదీ చేతికివ్వరు, అది ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. ఆగస్టులో మా అక్క ఏదో ఇన్సూరెన్సు పని మీద i94.cbp.dhs.gov తెరిచి ఇద్దరిదీ చూసింది కాబట్టి బయటపడింది. లేకపోతే ఆయన సెప్టెంబరు 30 దాకా హాయిగా మనవడితో ఆడుకునేవాడు. పది రోజులు ఎక్కువున్నందుకు 2031 దాకా ఉన్న ఆ వీసా రద్దయిపోయేది. ఐ-94 తేదీ దాటి ఒక్క రోజున్నా ఆ వీసా ఇక చెల్లదు, మళ్లీ మొదట్నుంచి అప్లై చేసుకోవాల్సిందే. టికెట్టు ముందుకు జరుపుకుని 17న వచ్చేశారు, జరిపినందుకు డబ్బు కట్టుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

వెళ్లే ముందే పాస్‌పోర్టు కొత్తది తీసుకుంటే ఈ గొడవే లేదు. మరి ఎందుకు తీసుకోలేదంటే, ఆయన చెప్పిన కారణం వింటే మీలో చాలామంది తలూపుతారు. "పాస్‌పోర్టు మారిస్తే వీసా పోతుందేమోరా" అని భయం. ఈ భయం మన ఊళ్లలో ఇంటింటికీ ఉంది, దాన్ని పోగొట్టాల్సింది మీరే. అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో ఉండగా కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే ఆ వీసా పోదు. పాస్‌పోర్టు ఆఫీసు వాళ్లు పాతదాని మూల కత్తిరించి, క్యాన్సిల్ చేసి తిరిగి ఇచ్చేస్తారు. వీసా ఉన్న పేజీ చెక్కుచెదరకుండా ఉంటే చాలు, పాతదీ కొత్తదీ రెండూ పట్టుకుని వెళ్లొచ్చు. చేయాల్సిందల్లా కౌంటర్లో పాతది ఇచ్చేటప్పుడు ఇందులో చెల్లే వీసా ఉంది, ఆ పేజీ జాగ్రత్త అని ఒక్క మాట చెప్పడమే. ఆ తర్వాత పాతదాన్ని బీరువాలో పెట్టి మర్చిపోకుండా ప్రయాణం సంచిలోనే ఉంచుకోవాలి. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి, ఇది అన్ని దేశాలకూ ఇలాగే అనుకోవద్దు. బ్రిటన్ ఇప్పుడు కాగితం వీసా బదులు ఆన్‌లైన్ వీసా ఇస్తోంది, అది పాస్‌పోర్టు నంబరుకి ముడిపడి ఉంటుంది కాబట్టి కొత్తది రాగానే వాళ్ల అకౌంట్లో నంబరు మార్చుకోవాలి.

మళ్లీ మా గుంటడి దగ్గరికి వస్తాను. ఎయిర్‌పోర్టు నుంచి తిరిగొచ్చిన తర్వాత వాడి పాస్‌పోర్టు కొత్తదానికి పెట్టాను. నన్ను ఇప్పటికీ మండించేది ఇదే: ఎంత తేలికో! గడువు తీరాకే పెట్టాలని ఏమీ లేదు, ఇంకా ఏడాది ఉందనగానే రీ-ఇష్యూకి అప్లై చేసుకోవచ్చు. అంటే వాడిది పోయిన జూలైలోనే చేయించుకుని ఉండొచ్చు. పిల్లలకు ఫీజు వెయ్యి రూపాయలు, తత్కాల్ అయితే పైన ఇంకో రెండు వేలు. అమ్మానాన్నలిద్దరూ సంతకం పెట్టే అనెక్సర్-డి అనే కాగితం, పాత పాస్‌పోర్టు, మా ఇద్దరి పాస్‌పోర్టుల కాపీలు, అంతే. తత్కాల్ కూడా పెట్టలేదు. పదకొండో రోజున పోస్ట్‌మ్యాన్ ఇంటికి తెచ్చిచ్చాడు. నవంబరు 22కీ జనవరి 9కీ మధ్య నలభై ఎనిమిది రోజులున్నాయి. ఆ రోజు షాపులో ఒక్కరు "దిగేది ఎప్పుడు?" అని అడిగి ఉంటే వెయ్యి రూపాయలతో పోయేది. టికెట్లు, హోటలు, కారు అన్నీ కలిపి నాకు పోయింది తొంభై ఆరు వేలు. టికెట్లలో తిరిగొచ్చింది పన్నుల్లో కొంత. ఇన్సూరెన్సు క్లెయిము పెట్టాను, తిరస్కరించారు. కాగితాలు సరిగా లేక ఎక్కించకపోతే మా పాలసీలో అది కవర్ కాదట, చిన్నక్షరాల్లో ఉంది. చదివాను, నిజమే.

కొత్తది ముందే తీసుకుంటే పాతదాంట్లో మిగిలిన నెలలు నష్టం కదా అని కొందరంటారు. అవును, మిగిలినవి కొత్తదానికి కలవవు, కొత్తది ఇచ్చిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. కానీ ఆఖరి ఆరు నెలలూ సగం దేశాలకు ఎటూ పనికిరానివే. పనికిరాని దాన్ని దాచుకుని ఏం చేస్తాం?

మన వైపు ఇంకో రకం ప్రయాణికులున్నారు, వాళ్లకు పాస్‌పోర్టు కంటే పక్క కాగితమే ముందు అయిపోతుంది. ఉద్దానం ఊళ్ల నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లుగా గల్ఫ్‌కి వెళ్లిన కుర్రాళ్లు సెలవు మీద ఇంటికొస్తారు. వాళ్లకు మీరు వేసే తిరుగు టికెట్టు తేదీని మూడింటితో పోల్చి చూడాలి: పాస్‌పోర్టు, అక్కడి రెసిడెన్స్ కార్డు, వెళ్లొచ్చే అనుమతి. సౌదీ నుంచి వచ్చినవాడికైతే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా మీద ఉన్న తేదీలోపు మళ్లీ అక్కడ దిగాలి, అప్పటికి ఇకామా గడువూ ఉండాలి. దుబాయ్ వైపు వాళ్లకు మామూలుగా ఆరు నెలలకు మించి బయటుంటే రెసిడెన్స్ వీసానే పోతుంది. ఇంట్లో పెళ్లనో, నాన్నకు ఆపరేషన్ అనో రెండు వారాలు పొడిగించమని మీ దగ్గరికే వస్తారు. అప్పుడు టికెట్టు మార్చే డబ్బు ఎంతో చెప్పే ముందు ఆ కార్డు చూపించమనండి. ఓడ ఎక్కే కుర్రాళ్లదీ అదే కథ. వాళ్ల మెడికల్ సర్టిఫికెట్ రెండేళ్లకు మించి ఉండదు. కాంట్రాక్టు ఆరు నెలలో తొమ్మిది నెలలో ఉంటుంది, అన్నాళ్లూ సముద్రంలో ఉండే మనిషికి మధ్యలో అయిపోతే రెన్యువల్‌కి పరుగెత్తడానికి ఊరుండదు.

ఇక మిమ్మల్ని అడిగేది. పెద్ద పని కాదు. పాస్‌పోర్టు ఫొటో పేజీలో కింద, << గుర్తులతో ఉండే రెండు వరుసలకు కాస్త పైన, ఇచ్చిన తేదీ, అయిపోయే తేదీ ఉంటాయి. మీరు జిరాక్స్ తీసిన కాగితం మీదే, పాస్‌పోర్టు మీద కాదు సుమా, అయిపోయే తేదీలోంచి ఆరు నెలలు తీసేసి పెన్నుతో రాయండి. మా వాడిదైతే 2026 జూలై 4లోంచి ఆరు నెలలు తీస్తే 2026 జనవరి 4. పక్కనే "ఈ లోపు దిగాలి" అని రాయండి. జనవరి 10న దిగే టికెట్టు పక్కన ఆ కాగితం పెడితే మూడో తరగతి పిల్లాడు కూడా కుదరదని చెప్తాడు. నలుగురున్న కుటుంబమైతే నాలుగు కాగితాల్లో అన్నిటికంటే ముందున్న తేదీయే ఆ కుటుంబం తేదీ. అది దాటి టికెట్టు అడిగితే డబ్బు తీసుకోకండి, ముందు పాస్‌పోర్టు చేయించుకుని రమ్మనండి. గిరాకీ పోతుందని భయపడొద్దు, పది రోజుల్లో మళ్లీ మీ దగ్గరికే వస్తారు. నేనైతే మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను. మొన్న ఏడు రోడ్ల జంక్షన్‌లో ఎదురుపడితే ఆయనే టీ తాగించి, మొహం చిన్నబుచ్చుకుని "మీ బాబు జిరాక్స్ ఇంకా నా డ్రాయర్‌లోనే ఉంది సార్" అన్నాడు.

ఈ వేసవికి ఇప్పటికే చాలామందికి టికెట్లు చేసి ఉంటారు. మే 10న దిగేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లలో నవంబరు 10 కంటే ముందు అయిపోయే పాస్‌పోర్టులున్న కాగితాలు ఈ ఆదివారం షాపు మూసే ముందు పక్కకు తీసి, ఆ ఇళ్లకు ఫోన్ చేయండి. ముందుగా పిల్లలవి తీయండి.

ఇట్లు,
విశాఖ నుంచి వెనక్కి తిరిగొచ్చిన నలుగురిలో ఒకడు
శ్రీకాకుళం, 2026 ఫిబ్రవరి